స్టాండర్డ్ కాస్టింగ్‌లో పీరియడ్ చివర మిగిలిన వేరియన్స్‌లను ఎటు పంపాలి? మూడు దారులు, ఒకే లెక్క మీద

స్టాండర్డ్ కాస్టింగ్ ఎంట్రీలు రాయడం చాలామందికి రెండు రోజుల్లో పట్టుబడుతుంది. ఇబ్బంది మొదలయ్యేది నెలాఖరులోనో, సంవత్సరం చివరనో. ట్రయల్ బ్యాలెన్స్‌లో నాలుగైదు వేరియన్స్ ఖాతాలు నిల్వలతో కూర్చుని ఉంటాయి, కొన్ని డెబిట్, కొన్ని క్రెడిట్. వీటిని మూసేయాలి, కానీ ఎక్కడికి? మొత్తం అమ్మిన సరుకు వ్యయంలోకి తోసేయమని ఒకరంటారు, సరుకు నిల్వలకూ పంచాలని ఇంకొకరంటారు, కొంత పంచి కొంత ఖర్చు రాయాలని ఆడిటర్ అంటాడు. ముగ్గురూ చెప్పేది ఎక్కడో ఒకచోట సరైనదే. మీ పుస్తకాలకు ఏది సరిపోతుందో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

ఎంపికకు ముందు మూడు విషయాలు చూసుకోండి. మొదటిది, పీరియడ్ చివర మీ దగ్గర ఎంత సరుకు మిగిలింది. చేసిందంతా అమ్ముడైపోతే మూడు దారులూ దాదాపు ఒకే లాభాన్ని చూపిస్తాయి. రెండోది, వేరియన్స్ ఎందుకు వచ్చింది. మార్కెట్‌లో ధర పెరగడం వేరు, మెషిన్ పాడై సరుకు వృథా కావడం వేరు. మూడోది, ఈ లెక్కలు ఎవరి చేతికి వెళ్తాయి. లోపలి మేనేజర్లకు మాత్రమేనా, బయట పబ్లిష్ అయ్యే ఆర్థిక నివేదికల్లోకా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే ఎంపిక సగం పైగా అయిపోయినట్టే.

## ముందు ఎంట్రీలు

ఒక ఫ్యాక్టరీ, ఒకే ఉత్పత్తి అనుకుందాం. ఒక యూనిట్ స్టాండర్డ్ ఇలా ఉంది: ముడిసరుకు 2 కిలోలు, కిలో 50 చొప్పున 100. లేబర్ ఒక గంట, 60. స్థిర ఓవర్‌హెడ్ 40. మొత్తం 200. స్థిర ఓవర్‌హెడ్ బడ్జెట్ 50,000, మామూలు సామర్థ్యం 1,250 యూనిట్లు, అందుకే యూనిట్‌కి 40 వచ్చింది.

ఈ పీరియడ్‌లో జరిగింది ఇది. 2,400 కిలోలు కొన్నారు, కిలో 54 పడింది. 1,000 యూనిట్లు తయారుచేశారు, 2,100 కిలోలు వాడారు. లేబర్ 960 గంటలు పట్టింది, గంటకు 65 ఇచ్చారు. ఓవర్‌హెడ్ సరిగ్గా బడ్జెట్ ప్రకారమే 50,000 అయింది. తయారైన 1,000లో 800 అమ్మారు. సగంలో ఆగిన పని ఏమీ మిగల్లేదు.

| ఎంట్రీ | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| కొనుగోలు: ముడిసరుకు నిల్వ | 1,20,000 | |
| మెటీరియల్ ప్రైస్ వేరియన్స్ | 9,600 | |
| సప్లయర్లు | | 1,29,600 |
| వాడకం: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ | 1,00,000 | |
| మెటీరియల్ యూసేజ్ వేరియన్స్ | 5,000 | |
| ముడిసరుకు నిల్వ | | 1,05,000 |
| లేబర్: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ | 60,000 | |
| లేబర్ రేట్ వేరియన్స్ | 4,800 | |
| లేబర్ ఎఫిషియన్సీ వేరియన్స్ | | 2,400 |
| చెల్లించాల్సిన వేతనాలు | | 62,400 |
| ఓవర్‌హెడ్: వర్క్ ఇన్ ప్రోగ్రెస్ | 40,000 | |
| ఓవర్‌హెడ్ వాల్యూమ్ వేరియన్స్ | 10,000 | |
| ఓవర్‌హెడ్ కంట్రోల్ | | 50,000 |

అసలు ఓవర్‌హెడ్ ఖర్చులు అంతకుముందే 50,000కి ఓవర్‌హెడ్ కంట్రోల్ ఖాతాలో డెబిట్ అయి ఉన్నాయి, కాబట్టి పై ఎంట్రీతో ఆ ఖాతా సున్నా అవుతుంది. ఆ తర్వాత తయారైన సరుకులోకి 2,00,000, అక్కడినుంచి అమ్మిన సరుకు వ్యయంలోకి 1,60,000, అన్నీ స్టాండర్డ్ ధరకే వెళ్తాయి.

ఈ ఎంట్రీల్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. వర్క్ ఇన్ ప్రోగ్రెస్‌లోకి వెళ్లే ప్రతి అంకె, 1,000 యూనిట్లకు అనుమతించిన స్టాండర్డ్ పరిమాణం ఇంటూ స్టాండర్డ్ రేటు. అసలు ఖర్చుకీ దానికీ ఉన్న తేడా దారిలోనే వేరియన్స్ ఖాతాలో దిగిపోతుంది. ప్రతికూలమైనది డెబిట్, అనుకూలమైనది క్రెడిట్. ఇక్కడ డెబిట్‌లు 29,400, క్రెడిట్ 2,400, నికరంగా 27,000 ప్రతికూలం. దీన్నే మనం మూయాలి.

మధ్యలో ఇంకో చిన్న ఎంపిక కూడా ఉంది. ప్రైస్ వేరియన్స్‌ని పైన చేసినట్టు కొన్నప్పుడే విడదీయొచ్చు, లేదా వాడినప్పుడు విడదీయొచ్చు. వాడినప్పుడు అయితే వేరియన్స్ 2,100 కిలోల మీద 8,400 మాత్రమే వస్తుంది, మిగిలిన 300 కిలోలు గోడౌన్‌లో అసలు ధర 54కే, అంటే 16,200కి ఉంటాయి. నేనైతే కొన్నప్పుడే విడదీయమంటాను, ఎందుకంటే ధర పెరిగిందన్న కబురు కొనుగోలు విభాగానికి ఆ వారంలోనే అందుతుంది, స్టోర్ లెడ్జర్‌ని కిలోల్లో నడిపితే చాలు. కాకపోతే దానికి బదులుగా పీరియడ్ చివర ముడిసరుకు నిల్వకి కూడా కొంత వేరియన్స్ పంచాల్సి రావొచ్చు. అది కింద కనిపిస్తుంది.

## మొదటి దారి: అంతా అమ్మిన సరుకు వ్యయంలోకి

అన్నిటికంటే సులువైనది ఇదే. ప్రతి వేరియన్స్ ఖాతాకీ ఎదురు ఎంట్రీ వేసి, నికర మొత్తాన్ని ఒకే ఖాతాలోకి పంపుతాం.

| ఎంట్రీ | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| అమ్మిన సరుకు వ్యయం | 27,000 | |
| లేబర్ ఎఫిషియన్సీ వేరియన్స్ | 2,400 | |
| మెటీరియల్ ప్రైస్ వేరియన్స్ | | 9,600 |
| మెటీరియల్ యూసేజ్ వేరియన్స్ | | 5,000 |
| లేబర్ రేట్ వేరియన్స్ | | 4,800 |
| ఓవర్‌హెడ్ వాల్యూమ్ వేరియన్స్ | | 10,000 |

అమ్మిన సరుకు వ్యయం 1,87,000 అవుతుంది. మిగిలిన 200 యూనిట్లు 40,000కీ, 300 కిలోలు 15,000కీ స్టాండర్డ్ ధరలోనే ఉండిపోతాయి.

సరుకు పెద్దగా నిల్వ ఉండని చోట, స్టాండర్డ్‌లను ఎప్పటికప్పుడు సరిచేసే చోట ఇది చాలు. రెండు గంటల పని పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఇందులో ఒక వంకర ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. ప్రతికూల వేరియన్స్‌ని ఇలా ఖర్చు రాస్తే నిల్వ విలువ తక్కువగా కనిపిస్తుంది, లాభం తగ్గుతుంది, జాగ్రత్త వైపు తప్పాం కదా అని సర్దుకుంటారు. అదే నికరంగా 27,000 అనుకూలం అయి ఉంటే? అప్పుడు ఇదే ఎంట్రీ ఇంకా అమ్మని 200 యూనిట్ల మీది పొదుపుని కూడా ఇప్పుడే లాభంగా చూపిస్తుంది, నిల్వలేమో అసలు ఖర్చు కంటే ఎక్కువ విలువతో బ్యాలెన్స్ షీట్‌లో ఉంటాయి. అందుకే అనుకూల వేరియన్స్‌లు పెద్దవిగా ఉన్నప్పుడు ఈ దారి ఎంచుకోవద్దు.

## రెండో దారి: ఎక్కడి సరుకుకి అక్కడ పంచడం

ఇందులో ఉద్దేశం స్పష్టం. పంపకం అయ్యాక నిల్వలు అసలు ఖర్చుకి చేరాలి. అయితే పంచే పద్ధతిలోనే పొరపాటు జరుగుతుంది.

మామూలుగా చేసేది ఏమిటంటే ముడిసరుకు 15,000, తయారైన సరుకు 40,000, అమ్మిన సరుకు 1,60,000, మొత్తం 2,15,000, ఈ నిష్పత్తిలో 27,000ని పంచేస్తారు. ముడిసరుకుకి దాదాపు 1,884 వస్తుంది. ఇప్పుడు 300 కిలోల విలువ 16,884, అంటే కిలో 56.28. కానీ మనం కొన్నదే 54కి! గోడౌన్‌లో ఇంకా మూట కూడా విప్పని సరుకు మీద కూలీల రేటు తేడా, ఓవర్‌హెడ్ తేడా ఎక్కించేశాం. పంపకం సరిగా జరిగిందో లేదో చూడాలంటే ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు: ముడిసరుకు విలువని కిలోలతో భాగించి కొనుగోలు బిల్లుతో పోల్చండి.

సరైన క్రమం ఇది. ముందు ప్రైస్ వేరియన్స్ ఒక్కదాన్ని తీసుకుని, కిలోలు ఎక్కడికి వెళ్లాయో దాన్ని బట్టి పంచాలి. 9,600ని 2,400తో భాగిస్తే కిలోకి 4. గోడౌన్‌లోని 300 కిలోలకి 1,200. యూనిట్లలోకి స్టాండర్డ్‌గా వెళ్లిన 2,000 కిలోలకి 8,000. మిగిలిన 100 కిలోలు స్టాండర్డ్‌కి మించి వాడినవి, వాటి 400 యూసేజ్ వేరియన్స్‌తో కలిసి అది 5,400 అవుతుంది.

ఇప్పుడు ముడిసరుకుకి ఇక ఏమీ రాదు. మిగతావన్నీ తయారీలో పుట్టినవి కాబట్టి తయారైన 1,000 యూనిట్ల మధ్య పంచాలి, 200 నిల్వలో, 800 అమ్మకంలో. మొత్తం 8,000, 5,400, 4,800, 10,000 కలిపి అందులోంచి 2,400 తీస్తే 25,800. ఇందులో 20 శాతం, 5,160 తయారైన సరుకుకి. 80 శాతం, 20,640 అమ్మిన సరుకు వ్యయానికి.

సరిచూద్దాం. ఈ 1,000 యూనిట్లకి అసలు అయిన ఖర్చు: సరుకు 2,100 కిలోలు 54 చొప్పున 1,13,400, లేబర్ 62,400, ఓవర్‌హెడ్ 50,000. మొత్తం 2,25,800, యూనిట్‌కి 225.80. 200 యూనిట్లకి 45,160. మన లెక్కలో 40,000 ప్లస్ 5,160, సరిగ్గా అదే. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో పంపకం తప్పిందని అర్థం, ఎంట్రీ పోస్ట్ చేయకండి.

ఈ దారి బలం ఇదే, అసలు ఖర్చుకి పైసాతో సహా కలుస్తుంది. బలహీనత కూడా అక్కడే. మెషిన్ ఆగి చెడిపోయిన సరుకు, ఖాళీగా పడి ఉన్న సామర్థ్యం, అన్నీ కలిసి 200 యూనిట్ల విలువలోకి ఎక్కాయి. ఆర్డర్లు లేక ఫ్యాక్టరీ 1,250 బదులు 1,000 చేసింది. అందువల్ల గోడౌన్‌లో ఉన్న యూనిట్ ఎక్కువ విలువైనది అయిపోతుందా? కాదు కదా.

## మూడో దారి: మామూలుది పంచు, అసాధారణమైనది ఖర్చు రాయి

సరుకు నిల్వల లెక్కకు సంబంధించిన అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 చెప్పేది ఇక్కడికే వస్తుంది. ఫలితం అసలు ఖర్చుకి దగ్గరగా ఉన్నంతవరకు స్టాండర్డ్ ధరలతో నిల్వలను లెక్కించొచ్చని అది ఒప్పుకుంటుంది. కానీ స్థిర ఓవర్‌హెడ్‌ని మామూలు సామర్థ్యం మీదే యూనిట్లకు వేయాలని, ఉత్పత్తి తగ్గిందని యూనిట్‌కి వేసే మొత్తం పెంచకూడదని, అలా మిగిలిపోయిన ఓవర్‌హెడ్‌ని, అసాధారణ వృథాని ఆ పీరియడ్‌లోనే ఖర్చుగా చూపాలని చెబుతుంది. అంటే మన వాల్యూమ్ వేరియన్స్ 10,000 నిల్వలోకి వెళ్లడానికి వీల్లేదు.

ఇక యూసేజ్ వేరియన్స్‌ని రెండుగా చీల్చాలి. ఎక్కువ వాడిన 100 కిలోల్లో 80 కిలోలు ఒకే రోజు మెషిన్ పాడైనప్పుడు చెడిపోయాయి, మిగతా 20 కిలోలు రోజువారీ చిన్నాచితకా తేడా అనుకుందాం. ఈ విభజన లెడ్జర్ చెప్పదు, షాప్ ఫ్లోర్ స్క్రాప్ రిపోర్ట్ చెప్పాలి. కాబట్టి ఈ దారి ఎంచుకునేవాళ్లు పీరియడ్ చివర కాదు, పీరియడ్ మొదటినుంచీ కారణాలు రాయించుకోవాలి. అసాధారణ వృథా విలువ 80 కిలోలు, అసలు ధర 54 చొప్పున 4,320. ఇక్కడ స్టాండర్డ్ 50 వేస్తే ఆ 80 కిలోల ప్రైస్ వేరియన్స్ 320 పొరపాటున మంచి యూనిట్ల మీద పడుతుంది.

పంచాల్సింది ఇప్పుడు 8,000, మామూలు 20 కిలోలది 1,080, లేబర్ రేటు 4,800, అందులోంచి 2,400 తీసి 11,480. తయారైన సరుకుకి 2,296, అమ్మిన సరుకుకి 9,184.

| ఎంట్రీ | డెబిట్ | క్రెడిట్ |
|---|---|---|
| ముడిసరుకు వేరియన్స్ సర్దుబాటు | 1,200 | |
| తయారైన సరుకు వేరియన్స్ సర్దుబాటు | 2,296 | |
| అమ్మిన సరుకు వ్యయం | 9,184 | |
| వాడని సామర్థ్యం ఖర్చు | 10,000 | |
| అసాధారణ వృథా ఖర్చు | 4,320 | |
| లేబర్ ఎఫిషియన్సీ వేరియన్స్ | 2,400 | |
| మిగతా నాలుగు వేరియన్స్ ఖాతాలు | | 29,400 |

చివరి వరుసని ఇక్కడ కుదించి రాశాను, పుస్తకాల్లో నాలుగూ విడివిడిగా వేయాలి. వాడని సామర్థ్యం, అసాధారణ వృథా రెండూ నివేదికలో అమ్మకపు వ్యయం కిందే కనిపించినా తప్పు లేదు, కానీ లెడ్జర్‌లో వేరే ఖాతాలుగా ఉంచితే వచ్చే ఏడాది ఎవరైనా అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | అంతా అమ్మిన వ్యయంలోకి | అంతా పంచడం | మామూలుది మాత్రమే పంచడం |
|---|---|---|---|
| ఈ పీరియడ్ ఖర్చు | 27,000 | 20,640 | 23,504 |
| నిల్వల్లోకి | 0 | 6,360 | 3,496 |
| కావాల్సిన వివరాలు | ఏమీ అక్కర్లేదు | కిలోలు, యూనిట్ల కదలిక | అవి, వాటితో పాటు కారణాలు |
| ఎక్కడ తప్పుతుంది | అనుకూల వేరియన్స్ పెద్దదైతే | సామర్థ్యం ఖాళీగా ఉంటే | కారణాలు నమోదు కాకపోతే |

మీరు పరీక్షకు చదువుతుంటే ప్రశ్న ఏ దారి అడిగిందో మాత్రమే చూడండి. చిన్న మొత్తం అని ప్రశ్నలో ఉంటే మొదటిది, పంచమంటే రెండోది. ఏ నిష్పత్తిలో పంచాలో ప్రశ్న చెప్పకపోతే, మీరు తీసుకున్న ఆధారాన్ని ఒక వాక్యంలో రాసి ముందుకు వెళ్లండి.

చిన్న ఫ్యాక్టరీ పుస్తకాలు చూసేవాళ్లయితే నా సలహా ఇది. సంవత్సరం చివర మూడో దారి లెక్క ఒక్కసారి కాగితం మీద వేయండి. మన ఉదాహరణలో మొదటి దారికీ దానికీ తేడా 3,496. మీ లాభంతో పోలిస్తే ఆ తేడా లెక్కలోకి రానంత చిన్నదైతే మొదటి దారిలో మూసేసి, లెక్క కాగితాన్ని ఫైల్లో పెట్టండి. ఆడిటర్ అడిగితే చూపించడానికి అదే ఆధారం. తేడా పెద్దదైతే ఆలోచించడానికి ఏమీ లేదు, మూడోదే.

బయటికి వెళ్లే ఆర్థిక నివేదికలు తయారుచేసేవాళ్లకి మొదటినుంచీ మూడో దారే మంచిది. వాళ్లకి ఇంకో మెలిక ఉంది, మధ్యంతర నివేదికలు. ఇప్పుడు వాల్యూమ్ తక్కువైనా సంవత్సరం చివరికి సర్దుకుంటుంది కదా, అప్పటిదాకా బ్యాలెన్స్ షీట్‌లో ఉంచుదాం అనిపిస్తుంది. ఐఏఎస్ 34 దీనికి ఒప్పుకోదు, సంవత్సరం చివర ఎలా చూపిస్తారో మధ్యలోనూ అలాగే చూపించమంటుంది. అమెరికా ప్రమాణాల్లో మాత్రం ముందే ప్లాన్‌లో ఉండి, ఏడాది లోపల సర్దుకుంటాయని అనుకునే వేరియన్స్‌లను మధ్యంతర కాలంలో మామూలుగా వాయిదా వేస్తారు. కాబట్టి ఏ ప్రమాణం కింద పనిచేస్తున్నారో చూసుకోకుండా పక్క కంపెనీ పద్ధతిని తెచ్చుకోవద్దు.

## మూసిన తర్వాత వచ్చే చిక్కు

రెండో దారైనా మూడో దారైనా నిల్వలకు పంచిన మొత్తాన్ని వస్తువు స్టాండర్డ్‌లో కలపకండి. పై ఎంట్రీలో చూపినట్టు వేరే సర్దుబాటు ఖాతాలో ఉంచండి, బ్యాలెన్స్ షీట్‌లో నిల్వతో కలిపి చూపించండి. ఆ 200 యూనిట్లు తర్వాతి పీరియడ్‌లో అమ్ముడైనప్పుడు 2,296 కూడా వాటితో పాటు అమ్మిన సరుకు వ్యయంలోకి వెళ్లాలి. నేను చూసిన ఒక చోట ఈ రెండో అడుగు ఎవరూ వేయలేదు. సరుకు ఎప్పుడో అమ్ముడైపోయింది, దాని సర్దుబాటు మొత్తం మాత్రం నిల్వగా ఉండిపోయి పీరియడ్ పీరియడ్‌కీ పెరుగుతూ వచ్చింది, చివరికి ఒకేసారి ఖర్చు రాయాల్సి వచ్చినప్పుడు అందరికీ టెన్షన్. సర్దుబాటు ఖాతా నిల్వని స్టాక్ యూనిట్లతో భాగించి చూసే అలవాటు ఉంటే మొదటిసారే దొరికేది.

ఇంకో ప్రమాదం స్టాండర్డ్ మార్చే రోజున ఉంటుంది. కిలో ధర 54 నిలకడగా ఉంది కదా అని కొత్త సంవత్సరం మొదటి రోజున స్టాండర్డ్‌ని 50 నుంచి 54కి మార్చారనుకోండి. సాఫ్ట్‌వేర్ వెంటనే నిల్వలను కొత్త ధరకి పెంచుతుంది. ముడిసరుకు 300 కిలోలకి 1,200. తయారైన 200 యూనిట్లలో 400 కిలోలకి 1,600. ఇప్పుడు వెనక్కి వెళ్లి పంపకం చూడండి. ముడిసరుకుకి మనం పంచింది కూడా సరిగ్గా 1,200. తయారైన సరుకుకి పంచిన 8,000లో 20 శాతం కూడా సరిగ్గా 1,600. అదే ధర పెరుగుదల నిల్వలో రెండుసార్లు ఎక్కింది, 2,800 లాభం గాల్లోంచి పుట్టింది. స్టాండర్డ్ మార్చిన రోజునే సర్దుబాటు ఖాతాల నుంచి 2,800 తీసి, రీవాల్యుయేషన్ వల్ల క్రెడిట్ అయిన ఖాతాకి ఎదురుగా డెబిట్ వేయాలి. అప్పుడు ముడిసరుకు సర్దుబాటు సున్నా అవుతుంది, తయారైన సరుకు సర్దుబాటులో 696 మిగులుతుంది, అది ఆ 200 యూనిట్లలోని మామూలు వాడకం తేడా, లేబర్ తేడాలది. అవి అమ్ముడైనప్పుడు దాన్ని కూడా పంపించేయండి.